ఫోటోలోని హెయిర్ కట్ మీ జుట్టుకు నప్పుతుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నా జుట్టు నడుము దాకా ఉంటుంది, బాగా ఒత్తు, కాస్త అలలు అలలుగా ఉంటుంది. గడ్డం దగ్గరికి వచ్చే బాబ్ కట్, నుదుటి మీద రెండు పక్కలకూ విడిపోయే కర్టెన్ బ్యాంగ్స్ ఉన్న ఒక ఫోటో నచ్చి ఫోన్లో దాచుకున్నాను. పార్లర్‌లో చూపిస్తే "చేసేద్దాం మేడమ్" అన్నారు. కానీ మా పిన్ని కూతురు కూడా ఇలాగే ఫోటో చూపించి చేయించుకుంది. ఇంటికొచ్చి తలస్నానం చేయగానే జుట్టంతా గొడుగులా విచ్చుకుంది. నాకూ అలాగే అవుతుందా? ముందే ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ఫోటోను తప్పకుండా తీసుకువెళ్లండి. స్టెప్ కట్, ఫెదర్ కట్, బాబ్ అనే పేర్లతో ఒక్కో పార్లర్‌లో ఒక్కో రకంగా కత్తిరిస్తున్నారు కాబట్టి, పేరు చెప్పడం కంటే ఫోటో చూపించడమే మేలు. అయితే ఆ ఫోటోలో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి: ఆ అమ్మాయి జుట్టు పుట్టు స్వభావం, కత్తెర చేసిన పని, ఫోటో తీయడానికి ముందు డ్రయ్యరుతోనూ గుండ్రటి బ్రష్షుతోనూ ఐరన్‌తోనూ చేసిన పని. వీటిలో పార్లర్‌వారు మీకు ఇవ్వగలిగింది కత్తెర పని ఒక్కటే. మొదటిది మీకు మీ జుట్టు ఇస్తుంది, మూడోది ప్రతిరోజూ బడికి వెళ్లే ముందు మీరే చేసుకోవాలి. కాబట్టి ఈ మూడింటినీ విడదీసి చూడడం ముందుగా నేర్చుకోవాలి.

ఫోటోను పెద్దది చేసి, తల పైభాగాన వెలుగు ఎలా పడిందో చూడండి. ఒక పట్టీలాగా అడ్డంగా, తెగకుండా మెరుపు కనిపిస్తే ఆ జుట్టు పుట్టుకతోనే సాఫీగా ఉన్నదైనా అయి ఉండాలి, లేదా ఐరన్ చేసినదైనా అయి ఉండాలి. అలలున్న జుట్టు మీద వెలుగు అలా ఒకే గీతగా నిలవదు, ముక్కలుగా విరుగుతుంది. తరువాత కుదుళ్లు చూడండి. పాపిట పక్కన జుట్టు మాడును అంటుకోకుండా పైకి లేచి ఉంటే అది బ్లో డ్రై చేసినప్పుడు వచ్చిన ఎత్తు, తలస్నానం చేసి ఆరబెట్టుకుంటే రాదు. కొసలన్నీ ఒకేలా లోపలికి వంగి ఉంటే అది గుండ్రటి బ్రష్షు పని. ఇవన్నీ పక్కన పెడితే కత్తెర పని ఏమిటో తేలుతుంది: కింది అంచు గీసినట్టు ఉందా, చెదిరినట్టు ఉందా, అన్నిటికంటే పొట్టి పాయ ఎక్కడ ఆగింది, వెనుక భాగం, ముందు భాగం ఒకే పొడవుతో ఉన్నాయా.

జుట్టు రంగు విషయం మనవాళ్లలో చాలామంది గమనించరు గనుక దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో అందంగా కనిపించే లేయర్ కట్ ఫోటోలు ఎక్కువగా గోధుమ రంగు జుట్టువో, అక్కడక్కడ లేత రంగు పాయలు వేసినవో ఉంటాయి. లేత రంగు మీద ఒక పాయకూ దాని కింది పాయకూ మధ్య నీడ స్పష్టంగా పడి, ఏ లేయరు ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. అదే కట్‌ను నల్లటి జుట్టు మీద ఎంత నేర్పుగా చేసినా ఆ నీడలు నలుపులో కలిసిపోతాయి, దూరం నుంచి జుట్టంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. అందుకే "సరిగ్గా అదే కట్ చేశామండీ" అని పార్లర్‌వారు నిజాయితీగా అంటున్నా, "ఫోటోలోలాగా లేదే" అని మనం కూడా అంతే నిజాయితీగా అనుకుంటాం. మీకు రంగు వేయించుకునే ఉద్దేశం లేకపోతే నల్ల జుట్టు ఉన్నవారి ఫోటోలే వెతకండి, ఆ ఒక్క మార్పుతోనే సగం నిరాశ తప్పుతుంది.

ఇక మీ జుట్టు సంగతి. ఒక సెలవు రోజున షాంపూతో తలస్నానం చేసి, కండిషనర్, సీరం, నూనె ఏవీ రాయకుండా, దువ్వకుండా, ముడి వేయకుండా గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక అద్దంలో కనిపించేదే మీ జుట్టు అసలు ఆకారం. వారమంతా నూనె రాసి జడ వేసుకునేవారికి తమ జుట్టులో ఎన్ని అలలున్నాయో నిజంగానే తెలియదు, ఎందుకంటే నూనె బరువుకు అల అణుగుతుంది, జడ మాత్రం లేని అలను పుట్టిస్తుంది. ఆ రోజే ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి ఫోటోలు తీయించుకోండి. మీకు నచ్చిన ఫోటో ఎంత ముఖ్యమో, పార్లర్‌లో చూపించడానికి ఈ ఫోటోలు కూడా అంతే ముఖ్యం.

తరువాత ఒత్తునూ వెంట్రుక లావునూ వేర్వేరుగా చూసుకోవాలి. ఒత్తు అంటే తలమీద ఎన్ని వెంట్రుకలున్నాయన్నది, లావు అంటే ఒక్కో వెంట్రుక ఎంత మందంగా ఉందన్నది. రాలిన వెంట్రుకను ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. ఏమీ తగలనట్టుంటే సన్నని వెంట్రుక, దారంలా స్పష్టంగా తగిలితే లావుది. ఒత్తు తెలియాలంటే జుట్టంతా వెనక్కి తీసి పోనీటెయిల్ కట్టి దాని చుట్టుకొలతను టేపుతో కొలవండి. 5 సెంటీమీటర్లకు తక్కువైతే పలచన, 10 దాటితే బాగా ఒత్తు, మధ్యలో ఉంటే మామూలు అని స్థూలంగా లెక్క. ఈ రెండూ ఎందుకంటే, సన్నని వెంట్రుకలు ఎన్ని ఉన్నా ఒదిగి పడుకుంటాయి గానీ, లావు వెంట్రుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి పొంగుతాయి. ఇద్దరి పోనీటెయిళ్లు ఒకే కొలతలో ఉన్నా అదే బాబ్ ఒకరికి ముఖాన్ని అంటి ఉంటుంది, మరొకరికి చెవుల పక్కన లేస్తుంది.

మీ పిన్ని కూతురి విషయంలో జరిగింది ఇదే అయి ఉండాలి. పొడవాటి జుట్టులో ప్రతి వెంట్రుకనూ దాని బరువే కిందికి లాగుతూ ఉంటుంది, ఆ లాగుడుకే అలలు సగం సాగిపోయి కనిపిస్తాయి. దాన్ని గడ్డం దగ్గర కత్తిరించగానే ఆ బరువు పోయి, అల తన సహజమైన వంపును తిరిగి తెచ్చుకుంటుంది, జుట్టు పైకి ముడుచుకుంటుంది. పైగా బాబ్‌లో జుట్టంతా ఒకే చోట ఆగుతుంది కాబట్టి, అలలతో ఉబ్బిన కొసలన్నీ ఆ ఒక్క గీత మీదే పోగుపడతాయి. పైన మాడు దగ్గర అణగి, కింద వెడల్పుగా త్రిభుజాకారం రావడానికి కారణం అదే. పార్లర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు అది కనిపించదు, ఎందుకంటే అక్కడ చివర్లో బ్లో డ్రై చేసి పంపుతారు. వెంట్రుక లోపలి ప్రొటీన్ పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీటికి విడిపోతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కుదురుకుంటాయి. డ్రయ్యరు వేడితో సాగదీసి ఆరబెడితే సాఫీగా నిలుస్తుంది, మళ్లీ తడి తగలగానే మొదటికి వస్తుంది. తలస్నానమే చేయనక్కరలేదు, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లో గాలిలోని తేమే కొన్ని గంటల్లో ఆ పని చేయగలదు.

ఇప్పుడు మీ జుట్టునే తీసుకుని లెక్క వేద్దాం. చెవి ముందు నుంచి ఒక పాయ తీసి, తడిగా ఉన్నప్పుడు మెల్లగా చాచి టేపుతో కొలవండి, అదే పాయను పూర్తిగా ఆరాక లాగకుండా మళ్లీ కొలవండి. తడిలో 60 సెంటీమీటర్లుండి, ఆరాక 54 ఉందనుకుందాం. అంటే పదో వంతు ముడుచుకుంటోంది. కుదుళ్ల నుంచి గడ్డం దాకా సుమారు 20 సెంటీమీటర్లు అనుకుంటే, తడి జుట్టును గడ్డానికి సరిగ్గా కత్తిరించినప్పుడు ఆరాక కనీసం 2 సెంటీమీటర్లు పైకి పోతుంది. కనీసం అనడానికి కారణం, నడుము దాకా ఉన్న జుట్టును దాని బరువు పట్టి ఉంచినప్పటి కొలత ఇది, పొట్టిగా కత్తిరించాక ఆ పట్టు ఉండదు గనుక 3 సెంటీమీటర్లు కూడా పోవచ్చు. గడ్డం కింద ఆగాల్సిన అంచు అప్పుడు దవడ మధ్యలో, చెంప వెడల్పుగా ఉండే చోట ఆగుతుంది.

కాబట్టి మీకు నా సలహా ఇది: ఆ ఫోటోలోని పొడవుకు ఒక్కసారిగా వెళ్లకండి. మొదటిసారి మెడ కింద కాలర్ బోన్ దాకా కత్తిరించమనండి. ఆ పొడవులో జుట్టు భుజం మీదికి వాలే బరువు మిగిలి ఉంటుంది, అలలు ఉబ్బినా అంచు భుజాల దగ్గర ఉంటుంది గనుక ముఖం పక్కన త్రిభుజం ఏర్పడదు. నాలుగైదు తలస్నానాలు అయ్యేవరకు దాన్ని గమనించండి. అప్పటికీ ఇంకా పొట్టిగా కావాలనిపిస్తే, అలలు ఎంత పైకి లేస్తున్నాయో మీకూ పార్లర్‌వారికీ కంటికి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, రెండోసారి గడ్డం దగ్గరికి ధైర్యంగా వెళ్లవచ్చు. జుట్టు నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. గడ్డం నుంచి కాలర్ బోన్ దాకా 10 నుంచి 12 సెంటీమీటర్ల దూరం ఉంటుంది, పొరపాటు జరిగితే దాన్ని తిరిగి పొందడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుందని గుర్తుపెట్టుకోండి.

పొడవుతో పాటు, లోపలి బరువు తీసే పద్ధతి కూడా ముఖ్యమే. మీలాంటి ఒత్తైన జుట్టుకు బాబ్ నిలవాలంటే పై పొరను పొడవుగా ఉంచి, దాని కింద దాగి ఉండే జుట్టులో పొట్టి లేయర్లు వేసి, అంచు దగ్గర పోగుపడే వెంట్రుకలను తగ్గించాలి. ఇది నేర్పూ సమయమూ అడిగే పని. దీనికి బదులుగా కొందరు పళ్లున్న థిన్నింగ్ కత్తెరతో నాలుగు వైపులా గబగబా పలచన చేసేస్తారు. కొసల దగ్గర కొద్దిగా వాడితే నష్టం లేదు, కానీ కుదుళ్లకు దగ్గరగా వాడితే అక్కడ తెగిన పొట్టి వెంట్రుకలు రెండు మూడు వారాల్లో నిలువుగా పెరుగుతూ, పైనున్న పొడవాటి జుట్టును బయటికి నెడతాయి. ఒత్తు తగ్గించబోతే పొంగు పెరుగుతుందన్నమాట. థిన్నింగ్ కత్తెర చేతిలోకి తీసుకోవడం చూస్తే, చెవి కింద నుంచి మాత్రమే వాడమని మర్యాదగా చెప్పడానికి మొహమాటపడకండి.

కర్టెన్ బ్యాంగ్స్ విషయంలో నేను మరింత జాగ్రత్తగా ఉండమంటాను. నుదుటి దగ్గర సుడి ఉందేమో ముందు చూసుకోండి. ముందరి జుట్టును తడిపి, ముఖం మీదికి దువ్వి, వేలు పెట్టకుండా ఆరనివ్వండి. మధ్యలో దానంతటదే విడిపోయి రెండు పక్కలకూ వాలితే మీ అదృష్టం. ఒక పక్కకే ఒరిగినా, ఒక పాయ పైకి లేచి నిలబడినా అక్కడ సుడి ఉన్నట్టే, దాన్ని ఫోటోలోలాగా ఉంచాలంటే ప్రతి ఉదయం తడిపి గుండ్రటి బ్రష్షుతో ఆరబెట్టాలి, దానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మధ్యాహ్నం క్లాసుకు వెళ్లేసరికి నుదుటి చెమటకు అది విడివిడి పాయలుగా అంటుకుంటుంది. మీరు కళ్లజోడు పెట్టుకుంటే ఫ్రేము మీద పడి చికాకు పెట్టే అవకాశం కూడా ఉంది. అందువల్ల కనుబొమల దగ్గర ఆగే బ్యాంగ్స్ బదులు, మొదట చెంప ఎముక కిందికి వచ్చేలా పొడవుగా కత్తిరించమనండి. ఆ పొడవులో అవి చెవి వెనక్కి సర్దుకోవడానికీ క్లిప్పుకూ అందుతాయి, నచ్చితే తరువాత పైకి తెచ్చుకోవచ్చు. తడి జుట్టును కనుబొమల దగ్గర కత్తిరిస్తే ఆరాక నుదుటి మధ్యలో తేలుతుంది గనుక, బ్యాంగ్స్‌ను మాత్రం పొడిగా ఉన్నప్పుడే కత్తిరించమని అడగండి.

ముఖం గుండ్రమా, కోలా అన్న చర్చ చాలా చోట్ల నడుస్తుంది. దానికి నేను అంత ప్రాధాన్యం ఇవ్వను. అంచు ముఖంలో వెడల్పైన చోట ఆగకుండా చూసుకుంటే చాలు.

పార్లర్‌కు వెళ్లే రోజున చేయాల్సినవి కొన్నే అయినా వాటి మీదే చాలా ఆధారపడి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమో ఆ ఉదయమో తలస్నానం చేసి, నూనె లేకుండా, జడ లేకుండా, గాలికి ఆరిన జుట్టుతో వెళ్లండి. ఎలాగూ అక్కడ తల కడుగుతారు కదా అని నూనె జడతో వెళితే, వారు కడిగి తడి జుట్టునే కత్తిరిస్తారు, కత్తెర పట్టిన మనిషి మీ అసలు జుట్టును ఒక్కసారి కూడా చూడకుండానే పని పూర్తవుతుంది. కడగక ముందే కుర్చీలో కూర్చుని, పొడి జుట్టును చేత్తో పట్టుకుని చూడమని అడగండి. నచ్చిన కట్‌కు ముందు, పక్క, వెనుక ఫోటోలు మూడూ ఉంటే మంచిది. ముందు నుంచి తీసిన ఒక్క ఫోటోలో వెనుక భాగం కనిపించదు, దాన్ని వారు ఊహించుకోవాల్సి వస్తుంది. వీలైతే మీకున్నంత ఒత్తూ అలలూ ఉన్న వ్యక్తి ఫోటో కూడా ఒకటి వెతికి పెట్టుకోండి, అది మీ బంధువులదైనా సరే. ఆ ఒక్క ఫోటో సాఫీ జుట్టు ఫోటోలు పది చూపించిన దానికంటే పార్లర్‌వారికి ఎక్కువ పనికొస్తుంది. అస్సలు వద్దనుకునే కట్ ఫోటో ఉంటే అదీ చూపించండి.

చూపించేటప్పుడు "ఇలా కావాలి" అని ఫోన్ చేతికిచ్చి ఊరుకోవద్దు. ఫోటోలో మీకు నచ్చినదేమిటో వేలుపెట్టి చెప్పండి: ఈ అంచా, ముఖం పక్కన పడే ఈ పాయా, మెడ కనిపించడమా. చాలాసార్లు మనకు నచ్చింది ఒక్క అంశమే, అది వేరే పొడవులోనూ సాధ్యమే. ఎంత పొడవు ఉంచాలో అంగుళాల్లో చెప్పకుండా, మీ ఒంటి మీద చూపించండి: "ఆరాక ఇక్కడ ఆగాలి" అని కాలర్ బోన్ మీద వేలు పెట్టండి. ఆ ‘ఆరాక’ అన్న మాటను తప్పక పలకండి. తరువాత ఈ ప్రశ్న అడగండి: "బ్లో డ్రై చేయకుండా వదిలేస్తే ఇది నా జుట్టు మీద ఎలా ఉంటుంది?" పని తెలిసినవారు మీ జుట్టును ముట్టుకుని, పక్కలకు లేస్తుందనో, ఫలానా చోట లేయర్లు వేయాలనో, ఇంత పొడవు తగ్గించకపోతే మేలనో ఏదో ఒకటి నిర్దిష్టంగా చెబుతారు. జుట్టు మీద చేయి వేయకుండానే "చేసేద్దాం" అంటే, ఆ రోజుకు కొసలు సమం చేయించుకుని వచ్చేయండి, కట్‌కు మరో చోట అడిగి చూడండి.

అక్కడే మరో మాట వినవచ్చు: "స్మూతెనింగ్ చేయించుకుంటే ఫోటోలో ఉన్నట్టే వస్తుంది మేడమ్." రీబాండింగ్, స్మూతెనింగ్ వంటివి కట్‌కు అనుబంధం కావు, అవి విడిగా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయాలు. రీబాండింగ్‌లో రసాయనంతో వెంట్రుక లోపలి గట్టి బంధాలనే విడగొట్టి మళ్లీ కలుపుతారు, అందుకే అది తడికి పోదు. కానీ కుదుళ్ల నుంచి వచ్చే కొత్త జుట్టు మాత్రం అలలతోనే వస్తుంది. నాలుగు నెలల్లో 5 సెంటీమీటర్లు అలలుగా, మిగిలినది కర్రలా తిన్నగా ఉంటుంది. నడుము దాకా ఉన్న జడలో ఆ తేడా కలిసిపోతుంది, గడ్డం దాకా ఉన్న బాబ్‌లో అది మొత్తం పొడవులో నాలుగో వంతు గనుక దాచలేరు. కొన్ని స్మూతెనింగ్ మందులు ఐరన్ వేడికి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన, హానికరమైన వాయువును విడుదల చేస్తాయి, కాబట్టి ఏ మందు వాడతారో పేరు చదవకుండా ఒప్పుకోకండి. ఏదైనా కట్ చేయించుకునే రోజునే దీనికి సరేననవద్దు.

కట్ పూర్తయ్యాక చివరి బ్లో డ్రై వద్దని, లేదా సాగదీయకుండా మామూలుగా ఆరబెట్టమని చెప్పండి. లోపం ఏదైనా ఉంటే అక్కడి అద్దంలోనే కనిపిస్తుంది, అప్పటికప్పుడు సరిచేయడం సులభం. ఇంట్లో తలస్నానం చేశాక ఒక పక్క ఎక్కువగా లేచినా, వెనుక మెడ దగ్గర ముద్దగా నిలిచినా వారం రోజుల్లోపు మళ్లీ వెళ్లి, ఆరిన జుట్టుతో, ఎక్కడ పొంగుతోందో చేత్తో పట్టుకుని చూపించండి. పొంగిన చోట పైనుంచి పొడవు తగ్గించమని అడగకూడదు, లోపలి బరువు తీయమని అడగాలి. పొడవు తగ్గిస్తే అది ఇంకా పైకి లేస్తుంది.